గ్రీన్ స్క్రీన్ షార్ట్: వెనక బొమ్మ నా మాటకి అందడం లేదు

చంద్రగిరి_సైన్స్

అందరికీ నమస్కారం. మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో సైన్స్ టీచర్లకి చూపించడానికి ఒక షార్ట్ చేయమని నాకు అప్పగించారు. పిల్లలకి కాదు, టీచర్లకే. విషయం చంద్రకళలు. నెలవంక ఎందుకు వస్తుందని అడిగితే పిల్లలే కాదు, మనలో కూడా కొందరు "భూమి నీడ పడి" అనేస్తారు. ఆ తప్పుని క్లాసులో ఎలా విడదీయాలో ఒకటిన్నర నిమిషంలో చెప్పాలి.

ఇంట్లో ఆకుపచ్చ బట్ట కట్టి ఫోనుతో తీశాం. ఎడిటింగ్ మా మరిది కొడుకు చేశాడు. స్క్రిప్టులో నేను 0:12 దగ్గర సూర్యుడు, 0:20 దగ్గర భూమి నీడ, 0:31 దగ్గర నెలవంక అని రాసిచ్చాను. వాడు అచ్చం అలాగే పెట్టాడు. తీరా చూస్తే నేను అమావాస్య అంటుంటే నా వెనక నిండు చంద్రుడు వెలిగిపోతున్నాడు. నేను చెయ్యి ఒక వైపు చూపిస్తే బొమ్మ ఇంకో వైపు ఉంది. రెండుసార్లు మళ్ళీ తీశాం, ప్రతిసారీ వేరే చోట తప్పుతోంది. బొమ్మ ఎప్పుడు రావాలో అసలు స్క్రిప్టులో ఎలా రాస్తారు? ఎవరైనా చేసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట_రమణ

మేడం, బట్ట ఎందుకు అంత శ్రమ? యూట్యూబ్ షార్ట్స్ కెమెరాలోనే గ్రీన్ స్క్రీన్ ఉంది, ఇన్‌స్టాలోనూ ఉంది. ఫోటో ఎంచుకుంటే మన వెనక అదే వచ్చేస్తుంది. లేదంటే స్కూల్లో గ్రీన్ బోర్డు ఉంది కదా, దాని ముందు నిలబడి తీసేయండి. పైసా ఖర్చు లేదు. ఇంకో మాట, షార్ట్ 60 సెకన్లు దాటకూడదు. ఒకటిన్నర నిమిషం అంటే తీసుకోదు.

పుత్తూరు_లెక్కలు

ఇదే సమస్య మా స్కూల్లో కూడా. ల్యాప్‌టాప్ పెట్టగానే ప్రొజెక్టర్‌లో అంతా గ్రీన్ స్క్రీన్ వస్తోంది. మనుషులు కూడా పచ్చగా కనిపిస్తున్నారు. దీనికి పరిష్కారం ఉంటే నాకూ చెప్పండి.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

పుత్తూరు సార్, మీది వేరే కథ. మీ కేబుల్‌లో ఎరుపు, నీలం సరిగ్గా అందడం లేదు. పిన్ను వంగి ఉంటుంది, లేకపోతే వదులై ఉంటుంది. కేబుల్ మార్చి చూడండి.

ఇప్పుడు మేడం విషయం. నేను పద్నాలుగేళ్ళుగా పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నా. ఈ మధ్య కోచింగ్ వాళ్ళ పాఠాలు కూడా చేస్తున్నా. మీ తప్పు ఒక్కటే, బొమ్మని గడియారానికి కట్టారు. మనిషి ఒకే వాక్యాన్ని రెండోసారి చెప్పేటప్పుడు ఒక దగ్గర ఊపిరి తీసుకుంటాడు, ఇంకో దగ్గర తొందరపడతాడు. మూడో వాక్యానికి వచ్చేసరికే రెండు సెకన్లు జారిపోతుంది. బొమ్మని మాటకి కట్టండి. స్క్రిప్టులో ఆ మాట ముందు ఒక అంకె వెయ్యండి. ①నెలవంక అని రాసి ఉంటే, ఎడిట్ చేసే అబ్బాయి మీ గొంతులో ఆ మాట ఎక్కడ మొదలైతే అక్కడ ఒకటో బొమ్మ పెడతాడు. మీరు ఎంత మెల్లగా చెప్పినా తప్పదు.

కానీ బొమ్మ వచ్చే మాట ఒక్కటే రాస్తే సగం పనే అయినట్టు. ఏ మాటతో పోవాలో కూడా రాయాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. అప్పుడు ఎడిట్ చేసేవాడు తర్వాతి బొమ్మ వచ్చేదాకా పాతదాన్నే ఉంచుతాడు. మీ వెనక అమావాస్య నాడు పౌర్ణమి చంద్రుడు ఉన్నది అందుకే అయ్యుంటుంది.

రమణ సార్, 60 సెకన్లు పాత లెక్క. 2024 అక్టోబరు నుంచి నిలువు వీడియో 3 నిమిషాల దాకా షార్ట్‌గానే పోతుంది. మీరు చెప్పిన యాప్ పద్ధతి ఒకే బొమ్మ ముందు నిలబడి మాట్లాడడానికి బాగుంటుంది. అది బట్ట రంగు చూడదు, మనిషి ఆకారాన్ని పట్టుకుని కత్తిరిస్తుంది. మేడం చేతిలో బంతి పట్టుకుని ఇది చంద్రుడు అంటే, బంతి మనిషి కాదు కదా, సగం ఉంటుంది, సగం మాయమవుతుంది. వేళ్ళు కూడా అంతే.

గ్రీన్ బోర్డు మీద నేనే ఒకసారి ప్రయత్నించా. ఆ పచ్చ ముదురు, అందులో నలుపు పాలు ఎక్కువ. మీద చాక్‌పీస్ దుమ్ము. లైటు వేస్తే మధ్యలో తెల్లటి మెరుపు. తలవెంట్రుకలకీ బోర్డుకీ తేడా తెలియక సగం జుట్టు పోయింది. ఆ సార్‌కి అసలే జుట్టు తక్కువ.

చంద్రగిరి_సైన్స్

బంతి నిజంగానే వాడుతున్నాను, ఎలా కనుక్కున్నారో! మాటకి కట్టడం అర్థమైంది. మరి చెయ్యి సంగతి? మా అబ్బాయి నా వీడియోని అద్దంలోలా తిప్పేశాడు, చెయ్యి బొమ్మ వైపు వచ్చింది. కానీ ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియలేదు. మా అత్తగారు చూసి, "పైట కుడి భుజం మీద వేసుకున్నావేంటే" అన్నారు.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

హహ, అత్తగారు ఎడిటర్ కావాల్సింది. వీడియో తిప్పకండి మేడం. సెల్ఫీ కెమెరాలో చూసుకుంటూ చేస్తే తెర మీద అద్దంలా కనిపిస్తుంది, చాలా ఫోన్లు సేవ్ చేసేటప్పుడు మాత్రం మామూలుగా చేస్తాయి. అక్కడే గందరగోళం. వెనక కెమెరాతో తియ్యండి. స్క్రిప్టులో "నా కుడి" అని ఎక్కడా రాయకండి, "తెర కుడి" అని రాయండి. చూసేవాళ్ళ కుడి అంటే మీ ఎడమ చెయ్యి.

ఒక చిట్కా. కట్టిన బట్టలోదే ఒక చిన్న ముక్క కత్తిరించి, బొమ్మ రావాల్సిన చోట ఆ బట్ట మీదే అంటించండి. షూటింగుకి ముందు వెనక్కి తిరిగి చూసుకుంటే చెయ్యి ఎక్కడిదాకా లేపాలో తెలుస్తుంది. అదీ పచ్చే కాబట్టి ఎడిటింగులో దానంతట అదే పోతుంది. చెయ్యి మాట కంటే కొంచెం ముందే లేవాలి. మీరు "నెలవంక" అనేసరికి చెయ్యి అక్కడ ఉండాలి, బొమ్మ కూడా అప్పుడే రావాలి. మాటయ్యాక చెయ్యి లేపితే ఈగను తోలినట్టుంటుంది.

ఇంకోటి, నిలువు వీడియోలో మనిషి పక్కన చోటుండదు. టీవీ న్యూస్‌లోలా భుజం పక్కన బొమ్మ పెడదామంటే కుదరదు. మీ తల తెర సగం ఎత్తులో ఉండేలా తియ్యండి, తల పైన ఉన్నదంతా బొమ్మకి వదలండి. కింది భాగంలో టైటిల్, కుడి అంచున లైక్ బటన్లు కూర్చుంటాయి, అక్కడ బొమ్మలో ముఖ్యమైనదేదీ పెట్టకండి.

పలమనేరు_తెలుగు

నాకు కెమెరాల సంగతి తెలియదు, వాక్యం సంగతి తెలుసు. మేడం, మీ స్క్రిప్టులో నీడ గురించిన వాక్యం ఒకసారి ఇక్కడ పెడతారా?

చంద్రగిరి_సైన్స్

తప్పకుండా సార్. "చంద్రుడి కళలు మారడానికి కారణం భూమి నీడ చంద్రుడిపై పడడం కాదు." నీడ అన్నచోట నీడ బొమ్మ వస్తుంది.

పలమనేరు_తెలుగు

అనుకున్నాను. మన భాషలో "కాదు" చిట్టచివర వస్తుంది. అంతదాకా వాక్యం అవుననే చెబుతున్నట్టు నడుస్తుంది. మీరు "భూమి నీడ" అనగానే వెనక నీడ బొమ్మ వచ్చింది, చూసేవాడు "ఆఁ, అదే కదా" అని తల ఊపేశాడు. తర్వాత వచ్చే చిన్న "కాదు" ఎవరి చెవికి ఎక్కుతుంది? వాక్యం అయిపోయింది, మీరు తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయారు. అతని కంటిలో నీడ బొమ్మే మిగిలింది.

వాక్యాన్ని విరగ్గొట్టండి. "భూమి నీడ పడుతుందని అనుకుంటాం." ఆగండి. "కాదు." మళ్ళీ ఆగండి. బొమ్మ మొదటి దానిలో రానివ్వండి, దాని మీద కొట్టివేత గీత "కాదు" మీద పడనివ్వండి.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

సార్ చెప్పింది నాకు ఇన్నాళ్ళూ పేరు తెలియని విషయం. క్లయింట్లు స్క్రిప్టు ఇస్తారు, అసలు మాట చివర ఉంటుంది, బొమ్మ వచ్చి చూసేలోపే క్లిప్పు అయిపోతుంది. నేను మధ్యలో వాళ్ళు నోరు మూసుకున్న ముక్క ఎక్కడైనా దొరుకుతుందా అని వెతికి అతికిస్తా. గ్రీన్ స్క్రీన్‌లో ఇది ఇంకా కష్టం, కదలకుండా ఆపితే మనిషి బొమ్మలా గడ్డకట్టినట్టు కనిపిస్తాడు. కాబట్టి ఆగడం షూటింగులోనే జరగాలి. స్క్రిప్టులో [ఆగు] అని రాసుకోండి, మనసులో రెండు లెక్కపెట్టండి. మీకు యుగంలా అనిపిస్తుంది, చూసేవాళ్ళకి సరిపోతుంది.

శ్రీకాళహస్తి_ఫిజిక్స్

నేను కొంచెం అడ్డం పడతాను. టీచర్ల కోసం చేసే వీడియోలో తప్పు బొమ్మని అసలు చూపించాలా? కొట్టివేత గీత వేసినా, గుర్తుండేది బొమ్మే. నా అనుభవంలో బోర్డు మీద తప్పు గీసి ఇంటూ పెడితే, పరీక్షలో సగం మంది ఆ తప్పునే గీసి తెస్తారు, ఇంటూ లేకుండా.

దాని బదులు నీడ ఎటు పడుతుందో అడగండి. నెలవంక సాయంత్రం పడమట, సూర్యుడు దిగిన వైపే కనిపిస్తుంది. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున, అంటే ఆ సమయానికి తూర్పు వైపు పోతుంది. నెలవంక ఒక దిక్కున, నీడ ఇంకో దిక్కున. ఇక మీద పడే ప్రశ్నే లేదు. నీడకి చంద్రుడు దొరికే అవకాశం పౌర్ణమి నాడే, అదీ ప్రతి పౌర్ణమికి కాదు, ఎందుకంటే చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది.

మన దగ్గర దీనికి ఇంకో మంచి దారి ఉంది. గ్రహణం పడితే తిరుమల గుడి మూస్తారు, మా శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది, ఇది ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. నీడ వల్లే చంద్రుడు తరుగుతుంటే తిరుమల గుడి నెలలో ఎన్ని రోజులు మూయాలి? ఈ ఒక్క ప్రశ్న చాలు, క్లాసు నవ్వేస్తుంది.

పలమనేరు_తెలుగు

నవ్వుతారు, ఒప్పుకుంటాను. అయినా తప్పుని ఒకసారి ముఖాముఖి చూపించకపోతే, "నేను అనుకునేది ఇదే, ఇదే తప్పు" అని టీచర్‌కి తెలిసేదెలా? చూపించాల్సిందే అంటాను నేను. రెండు సెకన్లకి మించి ఉంచకండి, అంతే.

చంద్రగిరి_సైన్స్

ఇద్దరి మాటా కలిపి మధ్య ముక్క ఇలా తిరగరాశాను. అంకె దగ్గర బొమ్మ వస్తుంది, × దగ్గర పోతుంది.

పౌర్ణమి గరుడ సేవకి వెళ్ళినవాళ్ళకి తెలుసు, పొద్దు పోయాక ①నిండు చంద్రుడు తూర్పున ఉంటాడు. [ఆగు] ×
మరి నెలవంక ఎటు ఉంటుంది? ②పడమట. సూర్యుడు దిగిన వైపే. [ఆగు]
ఇప్పుడు మీ క్లాసులో ఈ ప్రశ్న అడగండి. సూర్యుడు పడమట ఉంటే, ③భూమి నీడ ఎటు పోతుంది? [మూడు లెక్కపెట్టు]
④తూర్పుకి. [ఆగు]
నెలవంక ఇటు, తెర ఎడమ. నీడ అటు, తెర కుడి. నీడకి నెలవంక అందదు. [ఆగు] ×

రెండో బొమ్మలో పడమటి ఆకాశం, నెలవంక. మూడో బొమ్మ వచ్చినా రెండోది పోదు, దానికే భూమి జత కలుస్తుంది. నాలుగులో నీడ పాకుతుంది. బొమ్మ మారడం కాదు, పెరగడం.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

మేడం, సగం మంది ఎడిటర్లు ఇంత బాగా రాయరు. ఒక్కటే మార్చండి. ③ ని "భూమి" ముందు కాదు, ప్రశ్న అయ్యాక పెట్టండి. బొమ్మ ముందే వస్తే చూసేవాళ్ళు దాన్ని చదువుకుంటారు, ప్రశ్న వినరు. "ఎటు పోతుంది?" అనేశాక, మీరు మౌనంగా ఉన్న ఆ మూడు లెక్కల్లో భూమి రావాలి. అప్పుడు వాళ్ళే నీడ ఎటో వెతుక్కుంటారు.

బట్ట సంగతి అడగనేలేదు మీరు. ఎంత కట్టారు, ఎంత దూరంలో నిలబడ్డారు?

చంద్రగిరి_సైన్స్

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న శాటిన్, 44 అంగుళాల పన్నా, ఒకటే ముక్క. గోడకి ఆనుకునే నిలబడ్డాను, బట్ట చాలదని. అంచుల్లో నా భుజాలు కొంచెం పచ్చగా వచ్చాయి.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

శాటిన్ మెరుస్తుంది, వద్దు. మెరుపు లేని పాప్లిన్ తీసుకోండి, ఇస్త్రీ చేసి కట్టండి. భుజాలు పచ్చబడింది గోడకి ఆనుకున్నందుకే. బట్ట మీద పడిన వెలుగు తిరిగి మీ మీద పడుతోంది. బట్టకి కనీసం ఐదడుగులు ముందుకి రండి.

అప్పుడు ఎంత బట్ట కావాలో లెక్క చూద్దాం. మీ దగ్గర ఫ్రేము ఎత్తు నాలుగడుగులు అనుకుంటే, నిలువు వీడియో కాబట్టి వెడల్పు రెండుంపావు అడుగులు. కెమెరా మీకు ఆరడుగుల దూరంలో, బట్ట ఇంకో ఐదడుగుల వెనక ఉంటే, బట్ట దగ్గర ఆ ఫ్రేము వెడల్పు నాలుగడుగుల పైచిలుకు అవుతుంది. మీ 44 అంగుళాలు అంటే మూడడుగుల ఎనిమిది అంగుళాలే. రెండు పన్నాలు కుట్టించి, కుట్టు సరిగ్గా మీ వీపు వెనకకి వచ్చేలా కట్టండి, కనబడదు. ఒకటే ఉంటే కూడా పరవాలేదు, మీ చేతులు బట్ట దాటకపోతే మిగతా గోడని ఎడిటింగులో కత్తిరించేయొచ్చు.

సీలింగ్ ఫ్యాన్ ట్యూబ్‌లైటు కింద ఉంటే ఆపేయండి. రెక్కల నీడ బట్ట మీద తిరుగుతుంటే పచ్చ క్షణక్షణం మారుతుంది, అంచులు అదురుతాయి. ఈ ఉక్కలో తిరుపతిలో ఫ్యాన్ ఆపమనడం పాపమే, కానీ రెండు నిమిషాలు ఓర్చుకోండి. ఫోన్ తెర మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యడం మాత్రం మరవకండి. లేకపోతే మీరు చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఫోను వెలుగు సర్దుకుంటుంది.

రేణిగుంట_రమణ

బోర్డు ఆలోచన వెనక్కి తీసుకుంటున్నా. కానీ నీలం బట్ట వాడితే ఈ బాధలు తగ్గుతాయి కదా? సినిమాల్లో నీలం కూడా వాడతారు.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

వాడతారు సార్, వచ్చేది ఆకుపచ్చ చీర అయితే నేనూ నీలమే కడతా. అయితే ఫోన్ కెమెరాలు పచ్చని శుభ్రంగా పట్టుకుంటాయి, నీలంలో గింజలు, అంటే సన్నటి చుక్కలు, ఎక్కువ. తక్కువ వెలుగులో తేడా బాగా తెలుస్తుంది. మరోవైపు మేడం వెనక రాత్రి ఆకాశం వస్తుంది, నీలం అయితే అంచుల మరక అందులో కలిసిపోతుందని ఒక లాభం కూడా ఉంది. ఏది మేలో తీసి చూస్తే కానీ చెప్పలేను.

చంద్రగిరి_సైన్స్

(నాలుగు రోజుల తర్వాత)

మళ్ళీ తీశాం. పాప్లిన్, రెండు పన్నాలు, ఫ్యాన్ ఆపి. 1:28 ఉన్నది ఆగడాలతో 1:52 అయింది. మాటకీ బొమ్మకీ ఇప్పుడు తేడా లేదు. మా అబ్బాయి కైన్‌మాస్టర్‌లో క్రోమా కీ పెట్టి గంటలో ముగించాడు.

ఒక్క ముచ్చట. "నీడకి నెలవంక అందదు" అని చెయ్యి ఎత్తినచోట నా మణికట్టు దగ్గర చేయి తెగిపోయి, మధ్యలో నక్షత్రాలు కనిపిస్తున్నాయి. అరచెయ్యి విడిగా తేలుతోంది. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత చూస్తే, పచ్చగాజులు! శ్రావణమాసానికి వేసుకున్నవి, తీయాలన్న ఆలోచనే రాలేదు. ఆ ముక్క ఒక్కటే మళ్ళీ తీశాం.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

పెళ్ళిళ్ళ సీజన్లో నాకు రోజూ ఇదే. మల్లెపూలతో మరువం కలిపి కట్టినా అంతే, జడలో చిల్లులు పడతాయి.

శ్రీకాళహస్తి_ఫిజిక్స్

వీడియో చూశాను, బాగుంది మేడం. ఒక్క అభ్యంతరం. రెండో బొమ్మలో నెలవంక నిలువుగా, బ్రాకెట్ గుర్తులా నిలబడి ఉంది. తిరుపతి ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. ఇక్కడ సాయంత్రం నెలవంక దాదాపు వెల్లకిలా, పడవలా కనిపిస్తుంది. వెలిగే అంచు కిందకి, సూర్యుడు దిగిన వైపు ఉంటుంది. నెలల్ని బట్టి వాలు మారుతుంది కానీ ఆ నిలువు బొమ్మ ఉత్తరాన ఎక్కడో ఉన్నవాళ్ళది. మీ టీచర్లు ఆ సాయంత్రమే పిల్లల్ని బయటికి తీసుకెళ్తే, "వీడియోలో అట్లా లేదే" అంటారు.

చంద్రగిరి_సైన్స్

అయ్యో, నిజమే సార్. చిన్నప్పటినుంచీ చూస్తున్నా, గీసేటప్పుడు మాత్రం పుస్తకంలోదే గీస్తాం. కానీ పాఠ్యపుస్తకంలో బొమ్మ నిలువుగానే ఉంది. టీచర్లు పుస్తకంతో పోల్చుకుంటారు. బొమ్మ తిప్పమంటారా, ఉంచమంటారా?

పలమనేరు_తెలుగు

ఆకాశం మాటే నెగ్గాలి, తిప్పండి.

రేణిగుంట_రమణ

పుస్తకంలో లేనిది చూపిస్తే మీటింగులో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది, అసలు విషయం పక్కకి పోతుంది. ఉంచండి.

శ్రీకాళహస్తి_ఫిజిక్స్

ఆ ప్రశ్న రావాలనే కదా మీటింగు.

బాషా_ఎడిటింగ్_చిత్తూరు

ఏది తేల్చినా మేడంని మళ్ళీ తీయక్కర్లేదు, బొమ్మ వెనకే కదా ఉంది. మీ అబ్బాయికి ఐదు నిమిషాల పని. నెలవంక వంపు సూర్యుడు దిగిన వైపు ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోమనండి.

పుత్తూరు_లెక్కలు

బాషా గారూ, కేబుల్ మార్చాను. ఇప్పుడు అంతా గులాబీ రంగులో వస్తోంది.